ఎరువు మహిమా, రైతు చేతి చలవా?

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుని ఒక్కో ఊళ్లో సుమారు నలభై ఇళ్ల లెక్కలు రాయడం మొదలుపెట్టారు. వాటిలో డోకూరుతో సహా రెండు ఊళ్లు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, మిగిలినవి మహారాష్ట్రవి. సిబ్బంది ఊళ్లోనే మకాం వేసి, ఏ చేనుకు ఎంత విత్తనం, ఎంత ఎరువు, ఎందరు కూలీలు, చివరికి ఎంత పంట అని అవే ఇళ్లను ఏళ్ల తరబడి అడిగి రాసుకున్నారు. ఇలా అవే మనుషుల్నో, అవే ఊళ్లనో పదేపదే కొలిచి పోగుచేసిన లెక్కల్ని ప్యానెల్ డేటా అంటారు.

ఇంత శ్రమపడి అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్లాలి? ఏటా కొత్తవాళ్లను అడిగితే చాలదా? చాలదు. కారణం చిన్న లెక్కలో చూద్దాం. ఇది ఊహించుకున్న లెక్కే.

రాజయ్య ఎకరం వరికి ఒక ఏడు రెండు బస్తాల ఎరువు వేస్తే 20 క్వింటాళ్లు పండాయి. మరుసటి ఏడు మూడు బస్తాలు వేస్తే 21. మల్లయ్య నాలుగు బస్తాలు వేస్తే 28, ఐదు వేస్తే 29. ఎవరు ఎవరో పట్టించుకోకుండా ఈ నాలుగు లెక్కల్నీ కలిపి గీత గీస్తే బస్తాకు 3.4 క్వింటాళ్లు పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ ఏ రైతు లెక్క ఆ రైతుది విడిగా చూడండి. ఇద్దరికీ అదనపు బస్తాకు పెరిగింది ఒక్క క్వింటాలే. మిగతాదంతా మల్లయ్య పనితనం. నీరు ఎప్పుడు పెట్టాలో, పురుగు ఎప్పుడు వస్తుందో ఆయనకు తెలుసు. తెలిసినవాడు కాబట్టే పెట్టుబడి కూడా ఎక్కువ పెడతాడు. పనితనం ఏ రిజిస్టర్లోనూ ఉండదు కనుక దాని ఘనత కూడా ఎరువు ఖాతాలోనే పడిపోతుంది. ఈ చిక్కును సూటిగా పట్టుకున్నవాడు ఇజ్రాయెల్ వ్యవసాయ ఆర్థికవేత్త యైర్ ముండ్‌లాక్. 1961లో ఆయన రాసిన వ్యాసం ఈ యాజమాన్యపు పక్షపాతం గురించే.

విరుగుడు సులువు. ప్రతి రైతు లెక్కలోంచీ అతని సొంత సగటును తీసేయడమే. రాజయ్య సగటు రెండున్నర బస్తాలు, 20.5 క్వింటాళ్లు. మల్లయ్య సగటు నాలుగున్నర బస్తాలు, 28.5 క్వింటాళ్లు. సగటు తీసేశాక మిగిలేది ఎవరికి వారు ఏటికేడు మారిన తేడా మాత్రమే. మారని పనితనం సగటుతో పాటే కొట్టుకుపోతుంది. ఇది ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పద్ధతి. జవాబు 1.

దీనికి మూల్యం ఉంది. పనితనంతో పాటు మారనివన్నీ పోతాయి. చేను నల్లరేగడా, చెలకా, కాలువకు ఎంత దూరం, ఇవేవీ ఏటా మారవు కాబట్టి వాటి ప్రభావాన్ని విడిగా చెప్పమంటే ఈ పద్ధతి చెప్పలేదు. పైగా రైతుకూ రైతుకూ మధ్య ఉన్న తేడాను మొత్తం వదిలేసుకున్నాం. ఎరువు మోతాదు ఏటా పెద్దగా మార్చని ఊళ్లో మిగిలేది గుప్పెడు సమాచారం. అందుకే జవాబు ఊగిసలాడుతుంది.

ర్యాండమ్ ఎఫెక్ట్స్ పద్ధతి రాజీ మార్గం. సగటును మొత్తం తీసేయకుండా కొంత భాగమే తీస్తుంది. ఎంత భాగమన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. రైతుల మధ్య శాశ్వతమైన తేడా ఎంత పెద్దదన్నది ఒకటి, ఒక్కొక్కరిని ఎన్నేళ్లు చూశామన్నది రెండోది. ఇవి పెరిగేకొద్దీ తీసే భాగం పెరిగి ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌కు దగ్గరవుతుంది. మన లెక్కలో సగం తీశామనుకుంటే జవాబు 2.5. ఏమీ తీయకపోతే 3.4, అంతా తీస్తే 1. మట్టి రకం ప్రభావం కూడా ఇందులో నిలుస్తుంది, ఊగిసలాట కూడా తక్కువ. కానీ ఇదంతా ఒక షరతు మీద నడుస్తుంది: కంటికి కనపడని పనితనానికీ, ఎరువు మోతాదుకూ సంబంధం ఉండకూడదు. మన ఇద్దరు రైతుల విషయంలో ఆ షరతు తేలిపోయింది, అందుకే 2.5 తప్పు.

నిజమైన డేటాలో ఇంత స్పష్టంగా కనపడదు. అప్పుడు పనికొచ్చేది 1978లో జెర్రీ హాస్మన్ ‘ఎకనామెట్రికా’ పత్రికలో ప్రతిపాదించిన పరీక్ష. షరతు నిజమైతే రెండు పద్ధతులూ ఒకే అంకె చుట్టూ తిరగాలి. అబద్ధమైతే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అక్కడే ఉంటుంది, ర్యాండమ్ ఎఫెక్ట్స్ పక్కకు జరుగుతుంది. కాబట్టి రెండు జవాబుల మధ్య దూరం చూడాలి. ఆ దూరం యాదృచ్ఛికమా కాదా అని తేల్చడానికి కొలబద్ద కావాలి కదా, హాస్మన్ సూక్ష్మం అక్కడుంది. షరతు నిజమైనప్పుడు ర్యాండమ్ ఎఫెక్ట్స్ అన్నిటికన్నా నిలకడైన అంచనా అయితే, ఆ దూరపు వేరియన్స్ రెండు అంచనాల వేరియన్స్‌ల తేడాకు సరిగ్గా సమానం.

కొన్ని వందల మంది రైతుల డేటాలో ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ 1.0 అనీ, దాని ప్రామాణిక దోషం 0.5 అనీ వచ్చిందనుకుందాం. ర్యాండమ్ ఎఫెక్ట్స్ 2.2, ప్రామాణిక దోషం 0.3. దూరం 1.2. ప్రామాణిక దోషాల వర్గాలు 0.25, 0.09, వాటి తేడా 0.16. దూరపు వర్గం 1.44ను 0.16తో భాగిస్తే 9. ఒకే గుణకాన్ని పరీక్షిస్తున్నప్పుడు అయిదు శాతం హద్దు 3.84. తొమ్మిది దాన్ని దాటిపోయింది కనుక ర్యాండమ్ ఎఫెక్ట్స్‌ను పక్కన పెట్టాలి.

హద్దు దాటకపోతే? చాలా పరిశోధన పత్రాల్లో అక్కడే ‘కాబట్టి ర్యాండమ్ ఎఫెక్ట్స్ సరైనది’ అని రాసేస్తారు. నాకు అది తొందరపాటనిపిస్తుంది. పై ఉదాహరణలో ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ ప్రామాణిక దోషం 0.5 బదులు 1.0 అయి ఉంటే అదే 1.44ను 0.91తో భాగించాలి. వచ్చేది 1.6 లోపే. దూరం అదే, పక్షపాతమూ అంతే ఉండొచ్చు, డేటా బలహీనం కావడం వల్ల పరీక్షకు కనపడలేదు. కొన్నిసార్లు వేరియన్స్‌ల తేడా రుణసంఖ్యగా వచ్చి లెక్కే అర్థంలేనిదవుతుంది. ఒకే రైతు లెక్కల్లోని ఏటేటి ఒడుదొడుకులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే ర్యాండమ్ ఎఫెక్ట్స్ నిలకడైన అంచనా అన్న ఆధారమే కూలుతుంది.

అందుకే నేను ముండ్‌లాక్ దారి మేలంటాను. ఆయన కూడా అదే 1978లో, అదే పత్రికలో దాన్ని చూపించారు. ర్యాండమ్ ఎఫెక్ట్స్ సమీకరణంలోనే ప్రతి రైతు సగటు ఎరువును మరో అంశంగా చేర్చాలి. మన నాలుగు లెక్కలకు చేస్తే ఆ ఏటి ఎరువు గుణకం 1 అవుతుంది, అంటే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ జవాబే. సగటు ఎరువు గుణకం 3. ఆ మూడు నిజంగా సున్నాకు దూరమేనా అని చూడటమే పరీక్ష. రైతువారీ ముడిని పట్టించుకునే ప్రామాణిక దోషాలతో దీన్ని చేయొచ్చు, మట్టి రకమూ సమీకరణంలో మిగులుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండు జవాబులూ వేరని పరీక్ష చెబుతుంది, ఎందుకు వేరో చెప్పదు. రైతు వేసిన బస్తాల్ని జ్ఞాపకం మీద తప్పుగా చెప్పినా ఆ పొరపాటు ఏటికేటి తేడాల్లోనే ఎక్కువ మోతాదులో చేరి, ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ అంకెను సున్నా వైపు లాగుతుంది. అప్పుడూ దూరం కనపడుతుంది, పనితనానికి అందులో పాత్ర లేకపోయినా. దీనికి తిరగబడ్డ చిక్కు కూడా ఉంది. వానలు బాగున్న ఏడు రైతులందరూ తమ తమ చేలల్లో పడిన వానను చూసి ఎరువు పెంచారనుకోండి. ఆ వాన లెక్కల్లో లేకపోతే ఏటా మారే ఆ కారణం సగటుతో పోదు. రెండు పద్ధతులూ ఇంచుమించు ఒకే తప్పు జవాబు ఇవ్వొచ్చు, పరీక్ష మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు.