ఉద్యోగం మానేస్తున్నారా? అలవెన్స్ బాకీ లెక్క కాగితం మీదికి రావాలి

హైదరాబాద్ నుంచి పుణెకు మారిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉన్నాడనుకుందాం. 2024 జూలై 1న చేరాడు. సామాను తరలింపుకీ, కొత్త ఇంటి అడ్వాన్సుకీ కంపెనీ 1,20,000 రూపాయల రీలొకేషన్ అలవెన్స్ ఇచ్చింది. ఏడాది నిండకుండా మానేస్తే మిగిలిన నెలల వాటా తిరిగి కట్టాలని ఆఫర్ లెటర్లో రాసి ఉంది. 2025 ఫిబ్రవరి 28 అతని చివరి పనిదినం. ఎనిమిది నెలలు పనిచేశాడు, నాలుగు నెలలు మిగిలాయి. అంటే బాకీ 40,000.

హెచ్‌ఆర్‌లో ఒకాయన ఫోనులో, "ఏం పర్లేదండీ, ఫైనల్ సెటిల్‌మెంట్లో కొంత పట్టుకుని, మిగిలింది మూడు నెలల్లో కట్టేయండి" అన్నాడు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆ మాట ఇచ్చిన మనిషి వేరు, సెటిల్‌మెంట్ లెక్క వేసే పేరోల్ విభాగం వేరు. ఫోనులో ఏమనుకున్నారో పేరోల్‌కి తెలియదు. వారం రోజుల్లో మొత్తం కట్టమని అక్కడి నుంచి మెయిల్ వస్తుంది, కట్టేదాకా రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది. కొత్త కంపెనీ అడిగేది ఆ లెటర్నే.

అందుకే చివరి పనిదినానికి ముందే హెచ్‌ఆర్‌కీ పేరోల్‌కీ కలిపి ఒక మెయిల్ పెట్టాలి. ఆఫీసు మెయిల్ ఆ రోజు సాయంత్రానికే మూసుకుపోతుంది కాబట్టి సొంత ఐడీని కూడా కాపీలో ఉంచాలి. ఆఫర్ లెటర్ ప్రతి ముందే దగ్గర పెట్టుకోవాలి. మెయిల్ సారాంశం ఇలా ఉంటే చాలు:

"ఆఫర్ లెటర్ ప్రకారం నేను తిరిగి చెల్లించాల్సిన అలవెన్స్ మొత్తాన్ని, దాన్ని లెక్కించిన పద్ధతిని తెలియజేయగలరు. ఫైనల్ సెటిల్‌మెంట్లో 16,000 మినహాయించుకుని, మిగిలిన 24,000ను మార్చి 5, ఏప్రిల్ 5, మే 5 తేదీల్లో 8,000 చొప్పున, వడ్డీ లేకుండా చెల్లించేలా మనం మాట్లాడుకున్నాం. ఇది సరైనదేనని రాతపూర్వకంగా ధ్రువీకరించండి. చెల్లించాల్సిన కంపెనీ ఖాతా వివరాలు, రిలీవింగ్ లెటర్ ఇచ్చే తేదీ కూడా తెలపండి."

మొత్తం ఎంతో ఒప్పుకునే ముందు లెక్క అడగడానికి కారణం ఉంది. లిమిటేషన్ చట్టం 1963, సెక్షన్ 18 ప్రకారం గడువు ముగియకముందే బాకీ ఉన్నానని రాసి సంతకం చేస్తే, దావా వేయడానికి ఉన్న గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. లెక్క చూడకుండా 'నేను 1,20,000 కట్టాలి' అని రాస్తే మీ రాత మీకే అడ్డు వస్తుంది. గడువు లెక్కించాల్సింది చేరిన రోజు నుంచా, డబ్బు అందిన రోజు నుంచా, ముగింపు రాజీనామా తేదీయా, చివరి పనిదినమా అన్నవి ఆఫర్ లెటర్‌తో పోల్చి చూడాలి. కొన్ని లెటర్లలో నెలల వారీ తగ్గింపు లేకుండా మొత్తం కట్టాలనే ఉంటుంది.

ఇంకో మెలిక పన్నుది. అలవెన్సును జీతంలో కలిపి 20.8 శాతం టీడీఎస్ కోస్తే 1,20,000లో చేతికొచ్చింది 95,040. తిరిగి అడిగేది మాత్రం చేతికి రాని భాగంతో సహా 40,000. అదే ఆర్థిక సంవత్సరంలో వసూలు చేస్తే పేరోల్ ఆ 40,000ను జీతం లెక్కలోంచి తీసేసి పన్ను సర్దగలదు. మార్చి 31 దాటితే ఆ సర్దుబాటు కష్టం. పై ఉదాహరణలో రెండు వాయిదాలు ఏప్రిల్, మేలలో పడ్డాయి. వాయిదాల వెసులుబాటు కావాలా, పన్ను సర్దుబాటు కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. వసూలు గ్రాస్ మీదా, చేతికందిన మొత్తం మీదా అన్నదీ అదే మెయిల్లో అడగాలి.

జవాబు రాకపోతే, 'మౌనం అంగీకారమని భావిస్తాను' అని రాయడం వల్ల ఒప్పందం కుదరదు. రెండు మూడు రోజులాగి అదే మెయిల్ గొలుసులో గుర్తుచేయాలి, హెచ్‌ఆర్ పైఅధికారిని చేర్చాలి. 'సరే, చూస్తాం' అన్నది ధ్రువీకరణ కాదు. తేదీలూ మొత్తాలూ వాళ్ల రాతలో కనిపించాలి. డబ్బు కంపెనీ ఖాతాకే పంపాలి, ఎవరి వ్యక్తిగత యూపీఐకీ కాదు. ప్రతి వాయిదాకూ బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరును ఆ గొలుసులోనే జోడించాలి. చివరి వాయిదా చేరగానే బాకీ ఏమీ లేదని కంపెనీ నుంచి లేఖ తీసుకుంటేనే ఆ లెక్క పూర్తయినట్టు.