రక్తస్రావం ఎక్కువైతే గర్భసంచేనా కారణం?

నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే మన ఇళ్లలో అనుమానం ముందు గర్భసంచి మీదికే పోతుంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. లోపం గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిలో ఉంటే మాత్రం, గర్భసంచి తీసేసినా ఆ లోపం అలాగే మిగిలిపోతుంది.

ప్రతి నెలా అండం విడుదలయ్యాకే ప్రొజెస్టరాన్ తగినంత తయారవుతుంది. గర్భసంచి లోపలి పొరను అదుపులో ఉంచేది అదే. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే కొందరిలో అండం విడుదల కాదు. అప్పుడు ఈస్ట్రోజన్ ఒక్కటే పనిచేస్తూ ఆ పొరను మందంగా పెంచుతుంది. చివరికి అది ఒక పద్ధతి లేకుండా ఊడి, రోజుల తరబడి రక్తం పోతుంది. హార్మోన్ మరీ తగ్గినవారిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ లాంటి ప్రోటీన్లూ తగ్గవచ్చు.

ఇదే లోపం వేరొకరిలో నెలసరిని పూర్తిగా ఆపేస్తుంది కూడా. మెదడు థైరాయిడ్‌ను తట్టి లేపడానికి పంపే హార్మోన్ ప్రొలాక్టిన్‌నూ పెంచుతుంది; అది పెరిగితే అండాశయాలకు అందాల్సిన సంకేతాలు మందగిస్తాయి. బాలింత కాకపోయినా పాలు కారడం దీనికి ఒక గుర్తు. థైరాయిడ్ హార్మోన్ మితిమీరినప్పుడు సాధారణంగా నెలసరి పలచబడుతుంది, లేదా నెలలు దాటిపోతుంది. దాంతోపాటు గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపిస్తాయి.

క్లినిక్కులలో ఎదురయ్యే తీరును ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. ఆమెకు 38 ఏళ్లు, బరువు 60 కిలోలు. తొమ్మిది రోజులు రక్తం, గడ్డలు, విపరీతమైన నీరసం, మలబద్ధకం. గర్భం లేదని పరీక్షలో తేలింది. స్కానింగ్‌లో గడ్డలేమీ లేవు. హిమోగ్లోబిన్ 8, టీఎస్‌హెచ్ 38. డాక్టరు రోజుకు 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్, ఐరన్ మాత్రలు రాశారు. ఎనిమిది వారాల తర్వాత చూస్తే టీఎస్‌హెచ్ 19 దగ్గరే ఆగింది.

తప్పు మందుది కాదు. ఆమె రెండు మాత్రలూ పొద్దున్నే కలిపి వేసుకుంటోంది. ఐరన్ థైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వదు. పోనీ ఐరన్ మానేద్దామంటే అదీ కుదరదు, థైరాయిడ్ హార్మోన్ తయారయ్యే ఎంజైముకు ఐరన్ కావాలి. అందుకే పరగడుపున థైరాక్సిన్, అరగంట నుంచి గంట ఆగి కాఫీ, కనీసం నాలుగు గంటల తర్వాత ఐరన్ అని డాక్టరు వేళలు మార్చారు. తర్వాతి పరీక్షకు టీఎస్‌హెచ్ 3కి వచ్చింది. రక్తస్రావం ఐదు రోజులకు తగ్గింది.

అందరి కథా ఇలా తేలిపోదు. టీఎస్‌హెచ్ కొద్దిగా, అంటే 5, 6 దాకా పెరిగినంత మాత్రాన భారీ రక్తస్రావానికి అదే కారణమని చెప్పలేం. థైరాయిడ్ దారిలో పడ్డాక కూడా రక్తం తగ్గకపోతే ఫైబ్రాయిడ్లు, పాలిప్స్ కోసం మళ్లీ వెతకాలి. 45 దాటినవారిలోనైతే లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షించాల్సి రావచ్చు. వరసగా కొన్ని గంటల పాటు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా థైరాయిడ్ రిపోర్టు కోసం ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.