ఈసీజీ బాగానే ఉంది, మరి ఉత్తరం ఎందుకు?

మన ఊరి డాక్టర్లు గుండె డాక్టరుకి రాసిచ్చే చీటీల మీద చాలాసార్లు ఒక్క లైనే ఉంటుంది: "ఛాతీ నొప్పి, ఈసీజీ నార్మల్, చూడగలరు." అందులో పనికొచ్చే సంగతి దాదాపు ఏమీ లేదు. గుండె రక్తనాళం సన్నబడినా, కూర్చున్నప్పుడు కండరానికి చాలినంత రక్తం అందుతూనే ఉంటుంది. మెట్లెక్కినప్పుడే చాలదు. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో అది కనబడకపోవచ్చు. అందుకే నొప్పి కథే ముఖ్యం.

ఉదాహరణకు 54 ఏళ్ల కిరాణా వ్యాపారి ఒకాయన వచ్చాడనుకుందాం. షుగరుంది, సిగరెట్లు కాలుస్తాడు. "గ్యాస్ పట్టేస్తోందండీ" అంటూ గుప్పిట బిగించి రొమ్ము మధ్యలో పెట్టి చూపించాడు. ఎప్పుడొస్తోంది, ఆగితే ఎంతసేపట్లో పోతోంది అని డాక్టరు ఓపిగ్గా అడిగి ఇలా రాస్తారు: "మూడు వారాలుగా, కొత్తగా, ఛాతీ మధ్యలో బరువు. మెట్లెక్కితే వస్తుంది, ఆగితే అయిదు నిమిషాల్లో తగ్గుతుంది. మొదట్లో రెండో అంతస్తు దాకా వెళ్లగలిగేవారు, ఇప్పుడు మొదటి అంతస్తుకే వస్తోంది. ఊరికే కూర్చున్నప్పుడు రాలేదు."

చోటు, శ్రమ, విశ్రాంతి మూడూ కుదిరాయి కాబట్టి గుండె నొప్పే అన్న అనుమానం బలపడుతుంది. అసలు కీలకం అంతస్తుల మాట. మూడు వారాల్లోనే తక్కువ శ్రమకు నొప్పి వస్తోందంటే వచ్చే నెల అపాయింట్‌మెంటుకి ఆగే కేసు కాదు. ఉత్తరం పైన "అత్యవసరం" అని రాసి, ఫోన్ కూడా చేసి, ఆ రోజే చూపించాలి.

"గుండెలో మర్మర్ వినబడలేదు" అన్న ముక్క కూడా ఉండాలి. బృహద్ధమని కవాటం బిగుసుకుపోయినా ఇదే నొప్పి వస్తుంది, అలాంటివారిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తే ప్రమాదం. హిమోగ్లోబిన్ ఎంతో రాయాలి, రక్తం బాగా తగ్గినా ఈ నొప్పి పైకి తేలుతుంది. యాంజియోగ్రామ్‌లో వాడే మందు కిడ్నీల మీద భారం వేయగలదు కాబట్టి క్రియాటినిన్ కూడా కావాలి.

మొదలుపెట్టిన మందులు సరేసరి: ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి, లేకపోతే ట్రెడ్‌మిల్ పరీక్ష ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. ఇక మనవాళ్లు సిగ్గుపడి దాచే సంగతి ఒకటుంది. వయాగ్రా లాంటి మాత్రలు వేసుకున్నవారు సార్బిట్రేట్ వాడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. భార్య ముందు అడిగితే నిజం రాదు, ఆమెను కాసేపు బయట కూర్చోమని అడగాలి.

ఉత్తరం చేతికిస్తూ డాక్టరు చెప్పాల్సింది ఇంకొకటుంది. సార్బిట్రేట్ కూర్చునే పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. కూర్చున్నా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, మాత్ర పెట్టుకున్న అయిదు నిమిషాలకీ తగ్గకపోయినా అపాయింట్‌మెంటు సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయాలి. బండి వేసుకుని తనే ఆసుపత్రికి బయల్దేరకూడదు.