తరగతి గదిలో దిద్దుకున్న గణాంక పాఠం

రెండు రకాల బ్యాటరీలు, ఒక్కో రకానివి పదేసి. ఒక్కొక్కటి ఎన్ని గంటలు పనిచేసిందో పట్టికలో రాసి ఉంది. ఏ రకం కొనుక్కోవాలి? ఏడో తరగతి పిల్లల్ని అడిగితే చాలామంది వెంటనే పది సంఖ్యలూ కూడి పదితో భాగిస్తారు. సగటు ఎందుకు తీశావని అడిగితే మాత్రం తడబడతారు. మన పాఠ్యపుస్తకాల్లోనూ ఏడో తరగతికే సగటు, మధ్యగతం, బాహుళకం వస్తాయి. మూడూ తీయడం పిల్లలకు వచ్చేస్తుంది. ఆ సంఖ్యల వెనక ఏముందో చూడటం రాదు.

1990ల చివర్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఈ చిక్కు మీద కొందరు పనిచేశారు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ కాబ్, కే మెక్‌క్లెయిన్, నెదర్లాండ్స్ గణిత విద్యావేత్త కూనో గ్రావమైయర్ ఆ బృందంలో ముఖ్యులు. 29 మంది ఏడో తరగతి పిల్లలతో 12 వారాలు పాఠం నడిపారు. పాఠం చెప్పిన మనిషి కూడా పరిశోధక బృందంలోని మనిషే. దీన్ని డిజైన్ ఆధారిత పరిశోధన అంటారు. 1992లో ఆన్ బ్రౌన్, అలన్ కాలిన్స్ వేర్వేరుగా రాసిన వ్యాసాలతో ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది. బ్రౌన్ అంతకుముందు ప్రయోగశాలలో పిల్లల జ్ఞాపకశక్తిని పరీక్షించిన శాస్త్రవేత్త. ఒక్కో పిల్లవాణ్ణి విడిగా కూర్చోబెట్టి తేల్చుకున్న విషయాలు, గోలగోలగా ఉండే అసలు తరగతిలో అలాగే నిలబడతాయన్న నమ్మకం లేకనే ఆమె ఇటు వచ్చారు.

మందును పరీక్షించినట్టు ఒక పాఠాన్ని సగం బడుల్లో పెట్టి, సగం బడుల్లో పెట్టకుండా మార్కులు పోల్చడం ఒక దారి. పాఠం పనిచేసిందో లేదో అది చెబుతుంది. ఎక్కడ, ఎందుకు పనిచేసిందో చెప్పడం దానికి కష్టం. పైగా అలా పరీక్షించాలంటే ముందు పాఠం తయారై ఉండాలి కదా! కాబ్ బృందం చేతిలో ఉన్నది ఒక ఊహ మాత్రమే. పిల్లలు మొదట ఇలా ఆలోచిస్తారు, ఈ పనిముట్టు ఇస్తే అటు కదులుతారు, ఈ చర్చ జరిగితే ఇంకో మెట్టెక్కుతారు అన్న ఊహ. రోజూ తరగతిలో పరీక్షకు నిలిచింది ఆ ఊహే. అది తప్పితే మర్నాటి పాఠం మారుతుంది.

మొదటి మార్పు పాఠాలు మొదలవకముందే వచ్చింది. ముందుగా పిల్లలతో మాట్లాడి చూస్తే, డేటా అంటే సంఖ్యలతో ఏదో ఒక లెక్క చేయడమేనని వాళ్లు అనుకుంటున్నట్టు తేలింది. అందుకే సగటును పక్కన పెట్టారు. పట్టిక ఇచ్చేముందు, ఆ సంఖ్యలు అసలు ఎలా వచ్చాయో పిల్లలతో తీరిగ్గా మాట్లాడించారు. బ్యాటరీ ఎంతసేపు నడిచిందో ఎలా కనుక్కుంటాం? అన్నిటినీ ఒకే పరికరంలో పెట్టాలా? నాకు ఇది చాలా విలువైన నిర్ణయం అనిపిస్తుంది. సంఖ్య అంటే కొలిచిన ఫలితం అన్న స్పృహ లేకుండా ఆ తర్వాత చెప్పేదేదీ నిలవదు.

తర్వాత కంప్యూటర్ మీద ఒక చిన్న పనిముట్టు ఇచ్చారు. అందులో ఒక్కో బ్యాటరీకి ఒక్కో అడ్డగీత ఉంటుంది. ఎన్ని గంటలు నడిస్తే గీత అంత పొడవు. గీతల్ని పొడవును బట్టి పేర్చవచ్చు, రంగును బట్టి వేరుచేయవచ్చు. నిలువుగా ఒక గీతను జరిపి ఒక విలువ దగ్గర ఆపవచ్చు, లేదా కొంత భాగానికి హద్దులు పెట్టి చూడవచ్చు. పనిముట్టులో సగటు తీసే మీట లేదు. కావాలనే పెట్టలేదు.

ఒక అమ్మాయి ఎక్కువసేపు నడిచిన పది బ్యాటరీలకు హద్దు గీసింది. అందులో ఏడు ‘ఆల్వేస్ రెడీ’వి, కాబట్టి అదే మేలంది. ఇంకో అబ్బాయి 80 గంటల దగ్గర గీత ఆపాడు. ‘టఫ్ సెల్’ బ్యాటరీలన్నీ 80 దాటాయి, ఆల్వేస్ రెడీలో కొన్ని దాటలేదు. నమ్మకంగా నడిచేదే తనకు కావాలన్నాడు. అమ్మాయిని మిగతావాళ్లు నిలదీశారు: పదే ఎందుకు? మొత్తం ఇరవైలో సగం కాబట్టి అంది. 80 ఎందుకు అన్నదానికి అబ్బాయి దగ్గర కొనేవాడి అవసరానికి ముడిపడిన కారణం ఉంది. ఎంచుకున్న పద్ధతికీ అడిగిన ప్రశ్నకూ పొంతన ఉందా అని పిల్లలే అడగడం ఇక్కడ మొదలైంది. ఇలాంటి చర్చ దానంతటదే జరగలేదు. పిల్లలు జంటలుగా పనిచేస్తుంటే బృందం చుట్టూ తిరిగి ఎవరు ఎలా ఆలోచిస్తున్నారో గమనించేది. ఎవరి పద్ధతి ముందు, ఎవరిది తర్వాత చర్చకు రావాలో అక్కడికక్కడే అనుకునేవారు.

రెండో పనిముట్టులో గీతలు పోయి వాటి కొసన ఉన్న చుక్కలే మిగిలాయి. ఒకే విలువ ఉన్నవి ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. రోడ్డు మీద పోలీసులు వేగాన్ని తనిఖీ చేయడానికి ముందూ తర్వాతా కార్ల వేగాలు ఇచ్చినప్పుడు, ఒక అమ్మాయి ఆ చుక్కల్ని గుట్టల్లా చూడమంది. ముందు గుట్ట పరుచుకుని ఉంది, తర్వాతి గుట్ట వేగ పరిమితి దగ్గర గుమిగూడింది, కాబట్టి ఎక్కువమంది నెమ్మదించారు అని వాదించింది. విడివిడి కార్ల నుంచి మొత్తం గుంపు ఆకారానికి చూపు మళ్లడమే ఆ పాఠాల గమ్యం.

ఒక్క అమ్మాయి అన్నంత మాత్రాన తరగతి నేర్చుకున్నట్టా? కాదు. బృందం పెట్టుకున్న గుర్తు వేరు: ఒక మాటకు మొదట్లో వివరణ అడిగిన పిల్లలు, తర్వాత అడగకుండానే దాని మీద వాదన కడుతుంటే, అది తరగతి ఉమ్మడి సొత్తయినట్టు. అందుకే అన్ని తరగతుల వీడియోలనూ మొదటి నుంచి వరసగా చూస్తారు. ఒక ఘట్టం నుంచి ఊహ చేసి, తర్వాతి ఘట్టాల్లో అది నిలుస్తుందో లేదో సరిచూస్తారు. నచ్చిన రెండు ముక్కలు ఏరుకుని మురిసిపోతే ఈ పరిశోధన కథలా మిగులుతుంది. దీని మీద ఉన్న పెద్ద విమర్శా అదే. పాఠం తయారుచేసినవాళ్లే ఫలితాన్నీ తూచడం మామూలు ప్రమాదం కాదు.

ఆ పాఠాల్లో చివరి దశది ఎయిడ్స్ రోగుల డేటా. పాత చికిత్స తీసుకున్నవారు 186 మంది, కొత్త చికిత్స తీసుకున్నవారు 46 మంది. ఒక్కొక్కరి రక్తంలో టి కణాల లెక్క ఇచ్చారు. ఎక్కువ ఉంటే మంచిది. రెండు గుంపుల్నీ కావాలనే అసమానంగా పెట్టారు, ఎందుకంటే అప్పటిదాకా పిల్లలు తలలు లెక్కపెట్టి గట్టెక్కుతున్నారు. 525 దగ్గర గీత గీస్తే పాతదాంట్లో 56 మంది పైన, 130 మంది కింద. కొత్తదాంట్లో 37 మంది పైన, 9 మంది కింద. 56 పెద్దది కదా, పాతదే మేలంటే? 37 అనేది 46లో సగానికి మించింది, 56 మాత్రం 186లో సగం కూడా కాదు అన్న వాదన పిల్లల నుంచే వచ్చింది. నిష్పత్తితో ఆలోచించాల్సిన అవసరాన్ని డేటాయే కల్పించింది.

తర్వాత ఈ పనిముట్లు నెదర్లాండ్స్ వెళ్లాయి. అక్కడ ఆర్థర్ బక్కర్ కొత్త పని ఒకటి చేర్చాడు. పిల్లల బరువులు ఎలా ఉంటాయో ముందు ఊహించి గీయమన్నాడు. తర్వాత కొద్దిమంది బరువులు చూపించాడు, ఆ తర్వాత ఇంకా ఎక్కువమందివి. నమూనా పెరిగేకొద్దీ పిల్లలు మధ్యలో లేచే ఉబ్బు గురించి మాట్లాడసాగారు. ఆకారం పిల్లల మాటల్లోకి రావడానికి ఇంకో దారి దొరికింది.

నాష్‌విల్‌లో పాఠం చెప్పినవాళ్లు గణిత విద్యలో ఆరితేరినవాళ్లు. మామూలు ఉపాధ్యాయుడి చేతిలో అదే పాఠం ఏమవుతుంది? కాబ్ బృందమే తర్వాత మామూలు బడుల ఉపాధ్యాయులతో, ఇవే పనిముట్లతో కొన్నేళ్లు పనిచేసింది. వాళ్లు తమ తరగతిలో ఏం జరుగుతోందో తోటివారి ముందు విప్పి మాట్లాడుకోవడానికే ఏడాదికి పైగా పట్టింది. పరీక్షల ఒత్తిడిలో, తలుపులు మూసుకుని ఎవరి పాఠం వాళ్లు చెప్పుకోవడానికి అలవాటుపడిన చోట, పిల్లలు ఎలా ఆలోచించారన్నది మాట్లాడుకోదగ్గ విషయంగానే లేదు. అంతవరకూ పిల్లల కోసం తీర్చిన డిజైన్‌ను ఉపాధ్యాయుల కోసం మళ్లీ మొదటి నుంచి ఊహించి, దిద్దుకోవాల్సి వచ్చింది.