లాభం తిరిగొచ్చినా ఈపీఎస్ ఎందుకు రాదు?

యెస్ బ్యాంక్ షేరు గురించి మాట వస్తే చాలు, "ఒకప్పుడు నాలుగొందలుండేది, ఇప్పుడు ఇరవైకే దొరుకుతోంది, ఎప్పటికైనా మళ్లీ అక్కడికి వెళ్లకపోతుందా" అనేవాళ్లు కనిపిస్తారు. 2018 ఆగస్టులో ఆ షేరు 400 రూపాయల దాకా వెళ్లిన మాట నిజమే. అయితే అప్పుడు ఆ బ్యాంకుకు ఉన్న షేర్లు సుమారు 230 కోట్లు. 2025 మార్చి నాటికి అవి సుమారు 3,135 కోట్లు. పేరు అదే, షేరు ముఖ విలువ అదే రెండు రూపాయలు. కానీ ఒక్కో షేరుకు దక్కే వాటా మాత్రం పదమూడో వంతు కంటే తగ్గిపోయింది.

కంపెనీ నికర లాభాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఈపీఎస్, అంటే షేరుకు వచ్చిన ఆదాయం. 2017-18లో యెస్ బ్యాంక్ నికర లాభం సుమారు 4,225 కోట్లు, ఈపీఎస్ 18 రూపాయల పైచిలుకు. 2024-25లో లాభం సుమారు 2,406 కోట్లు. లాభం సగం కంటే ఎక్కువే తిరిగొచ్చింది కదా, ఈపీఎస్ కూడా తొమ్మిదో పదో ఉంటుందనుకుంటాం. ఉన్నది 80 పైసల లోపే.

మధ్యలో జరిగింది ఇదీ. మొండి బాకీలతో బ్యాంకు కుదేలైంది. 2019-20లో 16 వేల కోట్లకు పైగా నష్టం చూపింది. 2020 మార్చిలో రిజర్వు బ్యాంకు రంగంలోకి దిగాక, స్టేట్ బ్యాంకు నాయకత్వంలో మరికొన్ని బ్యాంకులు కలిసి షేరు 10 రూపాయల చొప్పున 10 వేల కోట్లు పెట్టాయి. అంటే వెయ్యి కోట్ల కొత్త షేర్లు. అదే ఏడాది జులైలో 12 రూపాయల ధరకు ఎఫ్‌పీఓ వచ్చింది. దాంతో షేర్లు 2,500 కోట్లు దాటాయి. 2022లో కార్లైల్, అడ్వెంట్ అనే విదేశీ పెట్టుబడి సంస్థలు షేర్లతో పాటు వారెంట్లు కూడా తీసుకున్నాయి. వారెంటు అంటే ముందే అనుకున్న ధరకు తర్వాత షేరు తీసుకునే హక్కు. మన దేశంలో ఇలాంటి వారెంట్లకు నాలుగో వంతు డబ్బు ముందు కట్టాలి, మిగతాది కట్టి షేరుగా మార్చుకోవడానికి 18 నెలల గడువు ఉంటుంది. ఆ వారెంట్లు 2024లో షేర్లయ్యాయి.

కొత్త షేర్లు వేయడమంటే పాలలో నీళ్లు కలపడమేనని చాలామంది తేల్చేస్తారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. కొత్త షేరుతో పాటు కొత్త డబ్బూ వస్తుంది. ఆ డబ్బు పాత డబ్బుకంటే బాగా సంపాదిస్తే ఈపీఎస్ పెరుగుతుంది కూడా. యెస్ బ్యాంక్‌లో వచ్చిన డబ్బు ముందు పాత గుంటలు పూడ్చడానికి పోయింది, పైగా షేర్లు పది, పన్నెండు రూపాయలకే ఇవ్వాల్సి వచ్చింది. ధర ఎంత తక్కువైతే అదే మొత్తానికి అన్ని ఎక్కువ షేర్లు పుడతాయి. డిపాజిటర్లు బయటపడ్డారు, పాత వాటాదారులు పలచబడ్డారు. బ్యాంకును నిలబెట్టాలంటే ఇంకో దారి ఉందని నేననుకోను.

ఇక్కడొక మెలిక ఉంది. ఏడాది మధ్యలో వచ్చిన షేర్లను ఆ ఏడాది లెక్కలో పూర్తిగా వేయరు, అవి ఉన్న కాలాన్ని బట్టి సగటు కడతారు. అక్టోబరు ఒకటిన 24 లక్షల షేర్లు ఇస్తే మార్చి లెక్కల్లో 12 లక్షలుగానే కనిపిస్తాయి. మిగతా సగం భారం మరుసటి ఏడాది ఈపీఎస్ మీద పడుతుంది. బోనస్, స్ప్లిట్ అలా కాదు. వాటితో కొత్త డబ్బేమీ రాదు కాబట్టి పాత సంవత్సరాల ఈపీఎస్‌ను కూడా కొత్త సంఖ్యకు తగ్గట్టు సవరించి చూపిస్తారు.

ఇంకా షేర్లుగా మారని కాగితాల సంగతేమిటి? దానికోసమే ఫలితాల పట్టికలో బేసిక్ ఈపీఎస్ కింద డైల్యూటెడ్ ఈపీఎస్ అని మరో వరుస ఉంటుంది. ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. లాభం 10 కోట్లు, షేర్లు కోటి. బేసిక్ ఈపీఎస్ 10 రూపాయలు. ఈ కంపెనీ 9 శాతం వడ్డీకి 20 కోట్ల కన్వర్టిబుల్ డిబెంచర్లు ఇచ్చింది, వాటిని వంద రూపాయలకో షేరు చొప్పున మార్చుకోవచ్చు. అవన్నీ ఏడాది మొదట్లోనే మారిపోయాయనుకుంటే 20 లక్షల షేర్లు అదనంగా వస్తాయి. కానీ అప్పుడు కంపెనీ కోటీ 80 లక్షల వడ్డీ కట్టక్కర్లేదు. ఆ మిగులు మీద పన్ను 25 శాతం తీసేస్తే కోటీ 35 లక్షలు లాభంలో కలుస్తాయి. మొత్తం 11 కోట్ల 35 లక్షలను కోటీ 20 లక్షల షేర్లకు పంచితే 9 రూపాయల 46 పైసలు. అదే డైల్యూటెడ్ ఈపీఎస్.

మార్పిడి ధర వందకు బదులు 250 అయితే కొత్త షేర్లు 8 లక్షలే. మిగిలే వడ్డీ ఒక్కో కొత్త షేరుకు దాదాపు 17 రూపాయలు పడుతుంది, అంటే ఈపీఎస్ 10 దాటి పైకి పోతుంది. అలాంటప్పుడు ఆ డిబెంచర్లను లెక్కలోకి తీసుకోకూడదని మన అకౌంటింగ్ ప్రమాణం, ఇండ్ ఏఎస్ 33, చెబుతుంది. ఈ వరుస ఉన్నది తగ్గుదల చూపడానికే. నష్టాల్లో ఉన్న కంపెనీలకు రెండు ఈపీఎస్‌లూ ఒకటే కనిపించడానికి కారణం కూడా ఇదే. షేర్లు పెరిగితే షేరుకు పడే నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ లెక్క వేయరు. అంతేగానీ పలచబడే ముప్పు లేదని కాదు.

ఉద్యోగులకిచ్చే స్టాక్ ఆప్షన్ల లెక్క కొంచెం వేరు. పది లక్షల ఆప్షన్లు 40 రూపాయల ధరకు ఇచ్చారు, ఆ ఏడాది మార్కెట్ సగటు ధర 200. ఉద్యోగులు కట్టే 4 కోట్లతో మార్కెట్ ధరకు 2 లక్షల షేర్లొస్తాయి. మిగిలిన 8 లక్షలు ఉత్తినే ఇచ్చినట్టు లెక్క, వాటినే కలుపుతారు. మార్కెట్ ధర 40 కంటే కిందుంటే ఆ ఆప్షన్లు అసలు లెక్కలోకే రావు. రేపు ధర పెరిగితే ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి.

కాబట్టి డైల్యూటెడ్ ఈపీఎస్‌ను జోస్యంగా చూడకూడదు. ఈరోజు చేతిలో ఉన్న ఒప్పందాలనే అది చూస్తుంది. 2018లో యెస్ బ్యాంక్ డైల్యూటెడ్ ఈపీఎస్ కూడా 18 దరిదాపుల్లోనే ఉంది. రెండేళ్లలో వెయ్యి కోట్ల షేర్లు పది రూపాయలకు వస్తాయని ఆ అంకె చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు.

షేర్ల సంఖ్య తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కంపెనీలు ఎక్స్ఛేంజీలకిచ్చే ఫలితాల పట్టికలో చెల్లించిన ఈక్విటీ మూలధనం, దాని పక్కనే ముఖ విలువ ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. యెస్ బ్యాంక్‌కు సుమారు 6,270 కోట్లను రెండుతో భాగిస్తే 3,135 కోట్లు వస్తుంది. మూడు, ఐదేళ్ల కిందటి పట్టికతో పోల్చండి. మధ్యలో బోనస్, స్ప్లిట్ లేకుండానే సంఖ్య పెరిగిందంటే, ఆ షేర్లు ఎవరికి, ఏ ధరకు వెళ్లాయో వెతకండి. మూడు నెలల ఫలితాల్లో ఉండే ఈపీఎస్ ఆ మూడు నెలలదే, దాన్ని ఏడాది అంకెతో పోల్చకండి.

ఇక నాలుగొందల మాట. ఇప్పుడున్న షేర్లతో ఆ ధర రావాలంటే బ్యాంకు మొత్తం విలువ పన్నెండున్నర లక్షల కోట్లు కావాలి. 2018లో అదే ధరకు 92 వేల కోట్లు సరిపోయాయి. పాత 18 రూపాయల ఈపీఎస్ రావాలంటే ఏటా 56 వేల కోట్లకు పైగా లాభం రావాలి. పాత రికార్డు లాభం 4,225 కోట్లు మళ్లీ సాధించినా షేరుకు దక్కేది ఒక రూపాయి 35 పైసలు.