కట్టిన వాయిదాలన్నీ ఆదాయం కావు
సగం లేచిన అపార్ట్‌మెంటు లెక్కల్లో అపోహలు – వాస్తవాలు

పలమనేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు స్థలాల వ్యాపారం తెలియని ఇల్లు ఉండదు. లేఔట్‌లో ప్లాటు అమ్మితే రిజిస్ట్రేషన్ నాటికి లెక్క తేలిపోతుంది. అపార్ట్‌మెంటు అలా కాదు. రెండు మూడేళ్లు కడతారు, కొన్నవాళ్లు వాయిదాల్లో డబ్బు ఇస్తుంటారు, మధ్యలో మార్చి 31 వస్తుంది. ఆ రోజుకు బిల్డరు సంపాదించింది ఎంత, జనానికి ఇంకా బాకీ ఉన్నది ఎంత అని విడదీయడమే ఆడిటరు పని.

ఒక ఊహా లెక్క తీసుకుందాం. పలమనేరులో ఒక భాగస్వామ్య సంస్థ 40 ఫ్లాట్లు కడుతోంది. అన్నీ ఒకే కొలత, ఒక్కోటి 40 లక్షలు. 20 ఫ్లాట్లకు అగ్రిమెంట్లు అయ్యాయి, అంటే 8 కోట్ల అమ్మకం. కొన్నవాళ్ల నుంచి 5 కోట్లు వచ్చాయి. అంచనా ప్రకారం మొత్తం ఖర్చు 12 కోట్లు: స్థలం 3, నిర్మాణం 9. ఇప్పటిదాకా స్థలానికి 3 కోట్లు, నిర్మాణానికి 3 కోట్లు ఖర్చయినట్టు పుస్తకాల్లో ఉంది.

అపోహ: వచ్చిన 5 కోట్లూ ఈ ఏడాది ఆదాయమే.

వాస్తవం: డబ్బు రావడానికీ ఆదాయానికీ నేరుగా సంబంధం లేదు. ఇలాంటి చిన్న సంస్థలకు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2012లో సవరించిన మార్గదర్శక నోటు ఆధారం. దాని ప్రకారం పని ఎంత శాతం అయిందో, అమ్మిన ఫ్లాట్ల విలువలో అంత శాతమే ఆదాయం. ఇక్కడ 12 కోట్లలో 6 కోట్లు ఖర్చయ్యాయి గనుక 50 శాతం. 8 కోట్లలో సగం, అంటే 4 కోట్లు ఆదాయం. మిగిలిన కోటి అడ్వాన్సు, అది బిల్డరు నెత్తిన ఉన్న బాధ్యత.

పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 115 (2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది) ఇంకా కఠినం. కడుతున్న కొద్దీ ఆదాయం చూపాలంటే అగ్రిమెంటులో అందుకు ఆధారం దొరకాలి. ఆ ఫ్లాటును బిల్డరు ఇంకొకరికి మళ్లించే వీలు ఉండకూడదు, అప్పటిదాకా చేసిన పనికి డబ్బు రాబట్టుకునే హక్కు చట్టప్రకారం ఉండాలి. అందుకే అక్కడ ఆడిట్ అగ్రిమెంటు చదవడంతోనే మొదలవుతుంది.

అపోహ: అందరి లెక్కా కలిపితే అడ్వాన్సు కోటి. బ్యాలెన్స్ షీటులో అది వేస్తే చాలు.

వాస్తవం: లెక్క మనిషి మనిషికీ వేరుగా తేలాలి. 50 శాతం పనికి ఒక్కో ఫ్లాటు మీద 20 లక్షల ఆదాయం వస్తుంది. 15 మంది తలా 30 లక్షలు కట్టారనుకోండి, వాళ్లకు బిల్డరు తలా 10 లక్షలు, మొత్తం కోటిన్నర బాకీ. మిగిలిన ఐదుగురు తలా 10 లక్షలే కట్టారు, వాళ్ల నుంచి 50 లక్షలు రావాలి. రెండింటినీ కలిపి కోటి అని రాస్తే, వసూలు కావలసిన ఆ 50 లక్షలు కనిపించకుండా పోతాయి. ఆడిటరు గుచ్చి అడగాల్సింది సరిగ్గా ఆ ఐదుగురి గురించే. వాయిదాలు ఎందుకు ఆగాయి? బ్యాంకు లోను రాలేదా? బుకింగ్ రద్దు చేసుకునే ఆలోచనలో ఉన్నారా? ఏప్రిల్, మే నెలల్లో వెనక్కిచ్చిన డబ్బుల పద్దు చూస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది.

అపోహ: ఖర్చుకు బిల్లులున్నాయి, కాబట్టి 50 శాతం ఖాయం.

వాస్తవం: శాతం తేల్చేది రెండు అంకెలు. అయిన ఖర్చుకు బిల్లులుంటాయి, కావలసిన మొత్తం ఖర్చు మాత్రం వట్టి అంచనా. దాన్ని తక్కువగా ఉంచితే శాతం దానంతటదే పెరుగుతుంది.

మన సంస్థ సైటుకు వెళ్లి చూద్దాం. నిర్మాణ ఖర్చుగా రాసిన 3 కోట్లలో 40 లక్షలు కాంట్రాక్టరుకు ముందస్తుగా ఇచ్చినవి, ఆ పని ఇంకా మొదలుకాలేదు. మరో 20 లక్షల స్టీలు ఇంకా వాడలేదు, ఆవరణలోనే పడి ఉంది. ఈ 60 లక్షలు జరిగిన పని కింద లెక్కకు రావు. నిర్మాణ ఖర్చు 2.4 కోట్లే. అటు అంచనా వేసి రెండేళ్లయింది. లిఫ్టుకూ ట్రాన్స్‌ఫార్మరుకూ వచ్చిన కొత్త కొటేషన్లు, పెరిగిన కూలి కలిపితే నిర్మాణం 9 కాదు, 10.5 కోట్లు. ఇప్పుడు 13.5 కోట్లలో 5.4 కోట్లు, అంటే 40 శాతం.

అపోహ: సరే, 40 శాతమైతే ఆదాయం 4 కోట్లకు బదులు 3.2 కోట్లు. తేడా అంతే కదా!

వాస్తవం: తేడా అంతకంటే చాలా పెద్దది. ఐసీఏఐ నోటు ప్రకారం శాతం లెక్కకు పోకముందే దాటాల్సిన గడపలు నాలుగున్నాయి. ముఖ్యమైన అనుమతులన్నీ రావాలి. స్థలం ఖరీదు కలపకుండా నిర్మాణ ఖర్చులో కనీసం 25 శాతం అయి ఉండాలి. అమ్మదగ్గ విస్తీర్ణంలో 25 శాతానికి ఒప్పందాలు ఉండాలి. ప్రతి ఒప్పందంలోనూ కనీసం 10 శాతం డబ్బు వచ్చి ఉండాలి, మిగతాదీ వస్తుందన్న నమ్మకం ఉండాలి.

మన సంస్థ నిర్మాణ ఖర్చు 10.5 కోట్లలో 2.4 కోట్లు, 23 శాతం కూడా లేదు. స్థలం పూర్తిగా కొన్నందువల్లే మొత్తం మీద 40 శాతం అయినట్టు కనిపించింది. రెండో గడప దాటలేదు గనుక ఈ ఏడాది ఆదాయం సున్నా, 5 కోట్లూ అడ్వాన్సే.

మొదటి గడప విలువ తెలియాలంటే ప్రీలాంచ్ కేసులు చూడాలి. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లో సాహితీ శర్వాణి ఎలైట్ పేరిట ప్రీలాంచ్‌లో కట్టినవాళ్ల ఫిర్యాదులపై 2022 డిసెంబరులో ఆ సంస్థ ఎండీని పోలీసులు అరెస్టు చేశారు. అనుమతి లేకుండా వసూలైన డబ్బు ఎన్ని కోట్లున్నా ఆదాయం కాదు.

అపోహ: రెరా ఖాతా ఆడిట్ అయింది, ఇక భయం లేదు.

వాస్తవం: కొన్నవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతాన్ని రెరా చట్టం ప్రకారం విడి ఖాతాలో వేయాలి. ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాకే పని జరిగిన మేరకు తీయాలి. ఆ ఆడిట్ డబ్బు దారి చూస్తుంది. అమ్మకం నిజమైనదా అన్నది వేరే ప్రశ్న.

నోయిడాలోని ఆమ్రపాలి కేసులో సుప్రీంకోర్టు నియమించిన ఫోరెన్సిక్ ఆడిటర్లు చదరపు అడుగు రూపాయికి, 5 రూపాయలకు, 11 రూపాయలకు బుక్ చేసిన ఫ్లాట్లను బయటపెట్టారు. కొనుగోలుదారుల డబ్బు పక్కదారి పట్టిందని 2019 జులై 23న కోర్టు తేల్చింది, పాత ఆడిటరుపై చర్య తీసుకోమని ఐసీఏఐకి చెప్పింది. అందుకే ఆడిటరు అగ్రిమెంటు ధరను పక్క ఫ్లాటు ధరతో పోల్చాలి. లెడ్జరులోని రసీదులను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చాలి. కొన్నవాళ్లకు నేరుగా ఉత్తరం రాసి ఎంత కట్టారో అడగాలి. భాగస్వాముల బంధువులు, సిమెంటు బాకీకి బదులు ఫ్లాటు తీసుకున్న వ్యాపారులు జాబితాలో ఉంటే వాళ్లను విడిగా పరిశీలించాలి.

అపోహ: ఇదంతా కాగితాల మీద తేడా. వచ్చే ఏడాదికి సర్దుకుంటుంది.

వాస్తవం: మొదటి లెక్క ప్రకారం 4 కోట్ల ఆదాయానికి ఎదురు అమ్మిన ఫ్లాట్ల వాటా ఖర్చు 3 కోట్లు, లాభం కోటి. ఆ లాభం చూసి భాగస్వాములు కోటి పంచుకుంటే అది ఫ్లాట్లు కొన్నవాళ్ల డబ్బే. నిర్మాణం ఒకటిన్నర కోటి భారమైన సమయంలోనే కోటి చేజారుతుంది. లిఫ్టు బిగించే నాటికి డబ్బు చాలకపోతే, పుస్తకాల్లో శాతాన్ని సరిదిద్దినంత మాత్రాన ఆ కోటి తిరిగి రాదు.