ఆరింటి మాత్ర ఆరింటికే గుర్తుకు రావాలంటే

మందుల వేళ గుర్తుచేసే యాప్‌లో ‘ఉదయం 6 గంటలు’ అని పెట్టినప్పుడు, ఆ యాప్ రాత్రంతా మేలుకొని గడియారం చూస్తూ కూర్చోదు. ఫోన్‌లోని ప్రతి యాప్ అలా కూర్చుంటే తెల్లారేసరికి బ్యాటరీ అడుగంటిపోతుంది. యాప్ చేసేది ఒకటే. ‘ఫలానా వేళకు నన్ను లేపు’ అని ఆండ్రాయిడ్‌కు ఓ చీటీ రాసిచ్చి తాను నిద్రపోతుంది. ఈ చీటీలన్నీ చేరే చోటును అలారం మేనేజర్ అంటారు. వేళయినప్పుడు యాప్‌ను తట్టి లేపేది అదే. అది లేపితేనే యాప్ మోగుతుంది. లేపడం ఆలస్యమైతే ఎంత మంచి యాప్ అయినా ఆలస్యంగానే మోగుతుంది.

ఈ చీటీలు రెండు రకాలు. ఒకదానికి అర్థం ‘సరిగ్గా ఆరింటికి’. దీన్నే ఎగ్జాక్ట్ అలారం, అంటే కచ్చితమైన అలారం అంటారు. రెండోదానికి అర్థం ‘ఆరు దాటాక, వీలు చూసుకొని’. ఇది ఉజ్జాయింపు అలారం. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉజ్జాయింపు అలారాన్ని చెప్పిన వేళకు గంటలోపు అందించాలన్నది నియమం. చెప్పిన వేళకంటే ముందు మాత్రం అది ఎన్నడూ మోగదు. బ్యాటరీ పొదుపు ఏర్పాట్లు అమల్లో ఉంటే ఆ గంట హామీ కూడా వర్తించదు. ఇక్కడే అసలు చిక్కంతా ఉంది.

ఉజ్జాయింపు అలారాలు ఎందుకు వచ్చాయో చూస్తే తప్పు ఎవరిదీ కాదని తెలుస్తుంది. తెర ఆరిపోయి కాసేపయ్యాక ఫోన్ లోపలి ప్రాసెసర్ కూడా కునుకు తీస్తుంది. దాన్ని లేపిన ప్రతిసారీ కొంత కరెంటు ఖర్చవుతుంది. వాతావరణం యాప్ 5:52కు, వార్తల యాప్ 5:57కు, మందుల యాప్ 6:00కు లేపమంటే మూడుసార్లు లేవాలి. మూడింటినీ కలిపి ఒకేసారి లేపితే రెండుసార్ల ఖర్చు మిగులుతుంది. ఆ లెక్కతోనే 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 మామూలు అలారాలన్నిటినీ ఉజ్జాయింపుగా మార్చింది. కచ్చితంగా మోగాల్సినవాటికి వేరే దారి పెట్టింది.

2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే గాఢనిద్ర వచ్చింది. చార్జర్ తీసేసి, కదలకుండా ఒకచోట పెట్టి, తెర ఆరిపోయిన ఫోన్ కొంతసేపటికి ఈ నిద్రలోకి జారుకుంటుంది. మధ్యమధ్య కాసేపు కళ్లు తెరిచి, పేరుకుపోయిన పనులు చక్కబెట్టుకొని మళ్లీ పడుకుంటుంది. రాత్రి గడిచేకొద్దీ ఈ మెలకువల మధ్య ఎడం పెరుగుతుంది. అలమరాలో రాత్రంతా పెట్టిన ఫోన్ తెల్లవారుజామున ఎంత మొద్దునిద్రలో ఉంటుందో ఊహించుకోవచ్చు. మందుల యాప్‌కు పని పడేది సరిగ్గా అప్పుడే. డోజ్‌లో ఉన్నా లేపగలిగే ప్రత్యేక చీటీలను ఆండ్రాయిడ్ ఉంచింది. వాటిలో అన్నిటికంటే బలమైనది అలారం గడియారపు చీటీ. అది ఉంటే ఆ వేళకు కాస్త ముందే ఫోన్ మొత్తం గాఢనిద్ర నుంచి బయటికి వస్తుంది.

అక్కరలేని యాప్‌లు కూడా కచ్చితమైన చీటీలు రాసిస్తూ పోతే పొదుపు మాటే ఉండదు. అందుకే 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 వాటికి అనుమతి తప్పనిసరి చేసింది. యాప్ తయారుచేసేవాళ్లు దీన్ని SCHEDULE_EXACT_ALARM అని రాస్తారు. వాడేవారికి సెట్టింగ్స్‌లో ఇది Alarms & reminders అనే పేరుతో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 12లో యాప్ వేసుకోగానే ఈ అనుమతి దానంతటదే వచ్చేది, ఇష్టం లేనివారు తీసేయవచ్చు. ఆ తర్వాతి ఏడాది ఆండ్రాయిడ్ 13 రెండో అనుమతిని తెచ్చింది. దాని పేరు USE_EXACT_ALARM. ఇది అడగకుండానే వస్తుంది, వాడేవారు తీసేయడానికీ ఉండదు. అయితే అలారం గడియారాలు, టైమర్లు, క్యాలెండర్ల వంటి యాప్‌లకే గూగుల్ ప్లే దీన్ని ఒప్పుకుంటుంది. మిగతా యాప్‌లు మొదటి అనుమతి మీదే ఆధారపడాలి.

2023లో ఆండ్రాయిడ్ 14 ఆ మొదటి అనుమతి తీరును తిరగేసింది. ఆండ్రాయిడ్ 13కు గానీ ఆ తర్వాతివాటికి గానీ తగ్గట్టు తయారైన యాప్‌ను కొత్తగా వేసుకుంటే, ఈ అనుమతి మొదట ఉండదు. వాడేవారే వెళ్లి ఇవ్వాలి. పాత ఫోన్‌నే ఆండ్రాయిడ్ 14కు అప్‌డేట్ చేసుకుంటే, అంతకుముందు ఉన్న అనుమతి అలాగే ఉంటుంది. కొత్త ఫోన్ కొని, పాత ఫోన్‌లోని యాప్‌లను బ్యాకప్ నుంచి దాంట్లోకి తెచ్చుకుంటే మాత్రం అనుమతి వెంట రాదు. మందుల జాబితా, వేళలు యాప్‌లో ఎప్పటిలాగే కనిపిస్తాయి కాబట్టి లోపం కంటపడదు.

ఇది ఒక ఇంట్లో ఎలా బయటపడుతుందో వివరంగా చూడవచ్చు. అరవై దాటిన ఒకావిడ రోజూ ఉదయం ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. కాఫీ తాగాక వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు గనుక ఆ వేళ ముఖ్యం. ఆండ్రాయిడ్ 12 ఉన్న పాత ఫోన్‌లో రిమైండర్ రెండేళ్లుగా తప్పలేదు. కొడుకు ఆండ్రాయిడ్ 14 ఫోన్ కొనిచ్చి, యాప్‌లన్నీ దాంట్లోకి మార్చి ఊరెళ్లాడు. ఆ రాత్రి పదింటికి ఆవిడ ఫోన్‌ను చార్జర్ లేకుండా అలమరాలో పెట్టి పడుకుంది. ఆరింటికి అది మోగలేదు. ఆవిడ ఆరున్నరకు కాఫీ తాగింది. 6:50కి టైము చూద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుందో లేదో, ‘మాత్ర వేసుకోండి’ అంటూ మోగింది.

ఫోన్ చేతిలోకి తీసుకోగానే మోగడం ఇక్కడ పెద్ద ఆనవాలు. ఫోన్ కదిలి తెర వెలగ్గానే డోజ్ తొలగిపోయింది, ఆగిపోయి ఉన్న చీటీ అప్పుడు చేతికందింది. మర్నాడు రాత్రి ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి పడుకుంటే ఆరు దాటిన కొద్ది నిమిషాలకే మోగింది, ఎందుకంటే చార్జింగ్‌లో ఉన్న ఫోన్ డోజ్‌లోకి వెళ్లదు. మూడోరోజు మళ్లీ ఆలస్యం. ఒకరోజు బాగా పనిచేసి, ఒకరోజు చేయకపోతే యాప్ పాడైందని తీసేసి ఇంకోటి వేసుకుంటారు. కొత్తగా వేసుకున్న యాప్‌కూ ఆండ్రాయిడ్ 14లో ఆ అనుమతి ఉండదు కాబట్టి కథ మొదటికొస్తుంది.

అనుమానం తీర్చుకోవడానికి జనం మామూలుగా చేసే పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది. రెండు నిమిషాల తర్వాతికి రిమైండర్ పెట్టి, ఫోన్ చేతిలో పట్టుకొని చూస్తారు. ఫోన్ మేలుకొని ఉంది, వేళ కూడా దగ్గరలోనే ఉంది కాబట్టి ఉజ్జాయింపు అలారం కూడా దాదాపు సమయానికే వచ్చేస్తుంది. ఫోన్‌లోని గడియారం యాప్‌లో కూడా అదే ఆరింటికి అలారం పెట్టి రెండిటినీ పోల్చి చూసినా ప్రయోజనం ఉండదు. గడియారం అలారం కోసం ఫోన్ గాఢనిద్ర నుంచి లేస్తుంది, దాని పుణ్యాన రిమైండర్ కూడా బయటపడుతుంది. పరీక్ష నిజంగా తేలాలంటే వేరే అలారాలు తీసేసి, చార్జర్ పీకేసి, ఫోన్‌ను రాత్రంతా కదపకుండా ఉంచాలి.

అంత కష్టపడే బదులు సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడటం తేలిక. దారి చాలా ఫోన్లలో ఇలా ఉంటుంది: Settings > Apps > Special app access > Alarms & reminders. కంపెనీని బట్టి పేర్లలో, వరుసలో కొద్దిగా తేడా ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు పెట్టెలో Alarms అని కొడితే వస్తుంది. అక్కడి జాబితాలో మందుల యాప్ పేరు నొక్కి, మీటను ఆన్ చేయాలి. తర్వాత యాప్‌ను ఒకసారి తెరవడం మంచిది. అనుమతి రాగానే ఆండ్రాయిడ్ ఆ సంగతి యాప్‌కు చెబుతుంది. పద్ధతిగా రాసిన యాప్ అప్పుడే తన చీటీలన్నీ కొత్తగా రాసిస్తుంది. అలా రాయని యాప్‌లూ ఉన్నాయి. వాటికి తెరిచినప్పుడు గానీ చీటీలు రాయాలని తోచదు.

ఈ మీటను ఎవరైనా పొరపాటున ఆపేస్తే జరిగేది ఇంకా తీవ్రం. ఆండ్రాయిడ్ ఆ యాప్‌ను అక్కడికక్కడే ఆపేసి, దాని కచ్చితమైన అలారాలన్నిటినీ కొట్టేస్తుంది. మళ్లీ యాప్ లేచి ఉజ్జాయింపు చీటీలైనా రాసుకునేదాకా ఆ రిమైండర్లు లేనట్టే. అనుమతి లేదని గమనించకుండా కచ్చితమైన చీటీ ఇవ్వబోతే ఆండ్రాయిడ్ దాన్ని తిప్పికొడుతుంది, అందుకు సిద్ధపడని యాప్ అక్కడే మూతపడుతుంది. రిమైండర్ పెట్టబోతే యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతోందంటే ఈ అనుమతిని కూడా ఓసారి చూడాలి.

మోగని ప్రతి రిమైండర్‌కూ ఈ అనుమతే కారణం కాదు. ఆలస్యంగా వస్తోందా, అసలు రావడం లేదా అన్నదే ముందు చూసుకోవాల్సింది. ఆలస్యంగా, అదీ ఫోన్ తాకగానే వస్తుంటే అనుమానం ఈ అనుమతి మీదే. ఎన్నడూ కనిపించకపోతే నోటిఫికేషన్ అనుమతి చూడాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి దాన్ని కూడా యాప్ విడిగా అడగాలి. అడిగినప్పుడు ‘వద్దు’ అని నొక్కి ఉంటే, చీటీ వేళకు అందినా తెర మీదికి ఏమీ రాదు. కనిపించి, చప్పుడు మాత్రం లేకపోతే ఫోన్ సైలెంట్‌లోనో, డూ నాట్ డిస్టర్బ్‌లోనో ఉంది. రెండు మూడు రోజులు బాగా మోగి ఆ తర్వాత ఆగిపోతే, కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో అదనంగా పెట్టే బ్యాటరీ నియంత్రణ ఆ యాప్‌ను ఆపేస్తూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసినా, మళ్లీ తెరిచేవరకు దాని అలారాలు పోతాయి. ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేసినా అలారం మేనేజర్‌లోని చీటీలు చెరిగిపోతాయి. ఫోన్ ఆన్ అయ్యాక యాప్ వాటిని తిరిగి రాసివ్వాలి.

తల్లిదండ్రులకు కొత్త ఫోన్ అమర్చి ఇచ్చేవాళ్లు ఫొటోలు, వాట్సాప్, ఫోన్ నంబర్లు వచ్చాయో లేదో చూసుకుంటారు. ఊరెళ్లేముందు Alarms & reminders జాబితాలో మందుల యాప్ ఎదుట మీట ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.